పెళ్లిరోజు వాన ఐరనీ అవుతుందా?

ప్రశ్న: జగిత్యాలలో పెళ్లిరోజున వాన పడితే దాన్ని ఐరనీ అనవచ్చా?

జవాబు: అనలేం. పైకి కనిపించేదానికీ అసలు సంగతికీ మధ్య వైరుధ్యం ఉంటేనే ఐరనీ. ఇందులో ముఖ్యమైనవి మూడు రకాలు.

మాటకు వ్యతిరేకార్థం ఉద్దేశిస్తే అది వాచిక ఐరనీ. వంద అబద్ధాలాడినవాణ్ని ‘సత్యహరిశ్చంద్రుడు’ అనడం ఇలాంటిదే.

పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిస్తే నాటకీయ ఐరనీ. గురజాడ ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పెళ్లాడిన ‘పిల్ల’ ఆడవేషంలో ఉన్న కుర్రాడు. ఆ సంగతి ప్రేక్షకులకు ముందే తెలుసు కనుక, అవధాన్లు బేరం కుదిరిందని సంబరపడేకొద్దీ నవ్వొస్తుంది.

ఫలితం ఉద్దేశానికి ఎదురుతిరిగితే సందర్భ ఐరనీ.

పెళ్లినాటి వానలో ఈ ఎదురుతిరగడం లేదు. ముహూర్తానికీ మబ్బుకూ సంబంధం లేదు. అది దురదృష్టం, కాకతాళీయం. అదే, వానకు భయపడి కోరుట్లలోని పెళ్లిని సిరిసిల్ల ఫంక్షన్ హాలుకు మార్చారనుకుందాం. ఆ రోజు కోరుట్లలో ఎండ కాసి, సిరిసిల్ల హాల్లోకి వరదనీరు వస్తే అది ఐరనీ. వానను తప్పించుకోవడానికి చేసిన పనే పెళ్లివారిని వానలోకి తీసుకెళ్లింది.