పారీఖత్తు చదువుకుందాం: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య ఆస్తి పంపకం



భాగపంపిణీ దస్తావేజును మన పెద్దలు పారీఖత్తు అనేవారు. ఫార్సీలోని ‘ఫారిగ్‌ఖతీ’ నుంచి వచ్చిన మాట ఇది. లెక్క తీరిపోయిందని, ఇక ఒకరికొకరు బాకీ లేరని రాసుకునే కాగితం అని అర్థం. కానీ సంతకాలు పెట్టినంత మాత్రాన అందరూ ఫారిగ్ అయిపోరు. ఎవరి వాటా ఎంత, అది ఎవరి చేతికి ఎప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఎవరు ఎవరికి ఏం చెయ్యాలి అనే మూడు సంగతులూ కాగితంలో సరిగా ఉంటేనే లెక్క తీరినట్టు. మాకు తెలిసిన ఒక కుటుంబం రిజిస్ట్రేషనుకు ముందు తమ ముసాయిదాను తెచ్చి, అందరికీ చదివి వినిపించమని మమ్మల్ని అడిగింది. ఆ రోజు వారితో కూర్చుని చూసినవే ఇక్కడ రాస్తున్నాం. పేర్లు రాయడం లేదు.

తండ్రి చనిపోయి ఏడాది అయింది. తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. 200 గజాల ఇల్లు, బజారులో అద్దెకిచ్చిన ఒక మల్గీ, ఊరి బయట ఎకరా 40 సెంట్ల పొలం, బ్యాంకులో 1,80,000 రూపాయలు మిగిలాయి.

మొదట చూడవలసింది వాటాలు కాదు, అప్పులు. సూరా అన్‌నిసా 11, 12 ఆయతులు వాటాలు చెబుతూనే, వసియ్యత్తూ అప్పూ తీర్చిన తర్వాతే అని మళ్ళీ మళ్ళీ గుర్తు చేస్తాయి. ఈ ఇంట్లో వసియ్యత్తు లేదు. కఫన్ దఫన్ ఖర్చు 20,000, సొసైటీ అప్పు 75,000 అందరికీ గుర్తున్నాయి. మరచిపోయినవి రెండు. తల్లికి ఇవ్వవలసిన 25,000 మహర్ చెల్లించలేదు. అది వాటా కాదు, భర్త ఆమెకు బాకీ ఉన్న అప్పు. రెండోది, మల్గీ అద్దెదారు దగ్గర తండ్రి తీసుకున్న అడ్వాన్సు 60,000. అతను ఖాళీ చేసిన రోజున తిరిగి ఇవ్వాలి కనుక అదీ అప్పే. నాలుగూ కలిపితే సరిగ్గా బ్యాంకులోని సొమ్ము. మల్గీ ఎవరికి వస్తే వారి దగ్గర ఆ 60,000 ఉంచాలని రాయించాం.

మిగిలిన స్థిరాస్తికి ఊళ్ళో నడుస్తున్న ధర కట్టారు. ఇల్లు 24 లక్షలు, మల్గీ 10 లక్షలు, పొలం 14 లక్షలు, మొత్తం 48 లక్షలు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. మిగిలిన 42 లక్షల్లో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ఇద్దరు కొడుకులకు నాలుగు, ఇద్దరు కూతుళ్ళకు రెండు, మొత్తం ఆరు పాళ్ళు. ఒక పాలు 7 లక్షలు. అంటే కొడుకులకు చెరి 14 లక్షలు, కూతుళ్ళకు చెరి 7 లక్షలు.

ముసాయిదాలో ఈ లెక్క లేదు. తల్లికి ఉండడానికి ఒక గది, కొడుకులకు మిగతా ఆస్తి అంతా రాసి, కూతుళ్ళు ‘ప్రేమాభిమానాలతో తమ హక్కు వదులుకున్నారు’ అని ఒక్క వాక్యంతో ముగించారు. ఎందుకలా రాశారని అడిగితే పెద్ద కొడుకు, “చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు అబ్బా చాలా ఖర్చు పెట్టారు మాస్టారూ, వాళ్ళ వాటా జహేజ్‌లోనే పోయింది కదా,” అన్నాడు. అతను దురాశపరుడేమీ కాదు. ఎవరూ విడమరచి చెప్పలేదు, అంతే. తండ్రి బతికి ఉండగా ఏ బిడ్డకూ వారసత్వ వాటా ఉండదు. అది తండ్రి చనిపోయిన క్షణంలోనే పుడుతుంది. అప్పటికి లేని వాటాను పెళ్ళి ఖర్చులో మినహాయించడం కుదరదు. అలా మినహాయిస్తే కొడుకుల చదువులకు పెట్టిన ఖర్చు కూడా లెక్కలోకి తేవలసి వస్తుంది.

చిన్న కూతురు తలవంచుకుని, “భాయిజాన్‌ను పొలం ఎలా అడగను? రేపు పుట్టింటి తలుపు నాకు తెరుచుకోవాలి కదా,” అంది. ఆమె వదులుకుంటున్నది ప్రేమతో కాదు, భయంతో అని అందరికీ అర్థమైంది. మేము ఒక్కటే చెప్పాం. ముందు నీ వాటా నీ పేర కాగితంలో, నీ చేతిలో ఉండనీ. తర్వాత ఇవ్వాలనిపిస్తే హిబా చెయ్యి. హిబాలో ఇచ్చేవారు ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకునేవారు ఒప్పుకోవాలి, ఆస్తి చేతులు మారాలి. చేతికి రానిదాన్ని ఇవ్వడం ఇవ్వడమే కాదు. పొలం వద్దు, డబ్బు కావాలనుకునే వారసులు తగిన సొమ్ము పుచ్చుకుని తప్పుకోవడానికి ఫిఖ్హ్‌లో తఖారుజ్ అనే మార్గం కూడా ఉంది. అప్పుడు ఆ సొమ్ము ఎంతో, ఎలా ముట్టిందో కాగితంలో కనిపించాలి.

కొడుకులు ఒప్పుకున్నారు. ముసాయిదా మళ్ళీ రాశారు. ఇంట్లో వీధివైపు 50 గజాలు, 6 లక్షల విలువ, తల్లికి ఎ షెడ్యూలు. మల్గీ పెద్ద కొడుకుకు బి షెడ్యూలు. వెనుకవైపు 150 గజాలు, 18 లక్షల విలువ, చిన్న కొడుకుకు సి షెడ్యూలు. పొలంలో 70 సెంట్ల చొప్పున ఇద్దరు కూతుళ్ళకు డి, ఇ షెడ్యూళ్ళు. చిన్న కొడుకుకు 4 లక్షలు ఎక్కువ, పెద్ద కొడుకుకు 4 లక్షలు తక్కువ వచ్చాయి. ఆ సొమ్ము చిన్నవాడు అన్నకు ఇవ్వాలి.

తల్లి వాటా గురించి ఒక మాట. ‘ఆమె తదనంతరం చిన్న కొడుకుకు చెందును’ అని ముసాయిదాలో ఉంది. దాన్ని కొట్టేయించాం. ఆ 50 గజాలకు ఆమె పూర్తి యజమాని. ఆమె తర్వాత అది అప్పటికి ఉన్న ఆమె వారసులకు వాటాల ప్రకారం వెళ్తుంది. వారసుల్లో ఒకరికే వసియ్యత్తు చేస్తే, ఆమె మరణం తర్వాత మిగతా వారసులు సమ్మతిస్తే తప్ప చెల్లదు.

ఇక స్వాధీనం. ‘ఎవరి భాగం వారికి ఈరోజే స్వాధీనపరచడమైనది’ అన్న వాక్యం దాదాపు ప్రతి దస్తావేజులో ఉంటుంది. అది నిజమో కాదో ఒక్కో షెడ్యూలుకూ అడిగి చూడాలి. తల్లి, చిన్న కొడుకు ఆ ఇంట్లోనే ఉన్నారు కనుక వారి విషయంలో నిజమే. మల్గీలో అద్దెదారు ఉన్నాడు. అతన్ని ఖాళీ చేయించడం స్వాధీనం కాదు. ఫలానా నెల నుంచి అద్దె పెద్దబ్బాయికి ఇవ్వాలని అందరూ సంతకం చేసిన ఉత్తరం అతనికి ఇవ్వడమే ఇక్కడ స్వాధీనం. పొలంలో కౌలుదారు వరి ఉంది. కోత అయ్యాక డిసెంబరులో భూమి కొలిచి, రాళ్ళు పాతి అప్పగిస్తామని, ఈ పంట కౌలు ఇద్దరు కూతుళ్ళకూ సమానంగా చెందుతుందని రాయించాం. అబద్ధపు వాక్యం మీద సంతకం పెడితే, తర్వాత స్వాధీనం రాలేదని చెప్పినా సొంత సంతకమే ఎదురు నిలబడుతుంది.

ఏడాదిగా వచ్చిన మల్గీ అద్దె 48,000 పెద్ద కొడుకు దగ్గర ఉంది. తండ్రి పోయిన రోజు నుంచి అది అందరిదీ. ఆస్తి పంచిన లెక్కలోనే తల్లికి 6,000, కొడుకులకు చెరి 14,000, కూతుళ్ళకు చెరి 7,000 అక్కడికక్కడే పంచారు.

చివరిది, పంపకం తర్వాతి బాధ్యతలు. గొడవలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ‘4 లక్షలు ముట్టినవి’ అని రాశారు, కానీ ముట్టలేదు. 2 లక్షలు సంతకాల రోజే చెక్కుగా, దాని నంబరుతో, మిగతా 2 లక్షలు రాబోయే మార్చి 31 లోగా ఇవ్వాలని మార్చాం. ఆలస్యమైతే వడ్డీ అని రాయడం దస్తావేజు రాసేవారికి అలవాటు. మనకు వడ్డీ వద్దు కనుక, బాకీ తీరేదాకా ఆ సొమ్ముకు వెనుకభాగమే పూచీ అని, అప్పటిదాకా దాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని రాయించాం.

ఇల్లు తూర్పు వీధికి 30 అడుగుల వెడల్పు, లోపలికి 60 అడుగుల పొడవు. వెనుకభాగంలోకి వెళ్ళాలంటే తల్లి భాగం దాటాలి. ముసాయిదాలో ‘మామూలు దారి’ అని ఉంది. ఈరోజు అందరికీ తెలిసిన మామూలు, ఇరవై ఏళ్ళకు ఎవరికీ తెలియదు. ఉత్తరపు అంచున 4 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు దారి, స్థలం తల్లిదే, నడిచే హక్కు వెనుకభాగానిది అని రాశారు. బోరు వెనుకవైపు ఉంది. తల్లి భాగానికి నీళ్ళు, మోటారు ఖర్చు చెరిసగం. పొలంలోనూ రెండో ముక్కకు మొదటి ముక్క గట్టు మీదుగా దారి చూపించారు. తల్లి తిండి, మందుల ఖర్చు కొడుకులిద్దరిదీ. ఒరిజినల్ దస్తావేజుల్లో ఇంటివి చిన్న కొడుకు దగ్గర, మల్గీవి పెద్ద కొడుకు దగ్గర, పొలానివి పెద్ద కూతురి దగ్గర ఉంటాయి. అవసరమైతే మిగతావారికి చూపించాలి.

నోటిమాటతో పంచుకున్నా షరీఅత్‌లో చెల్లుతుంది. కానీ స్థిరాస్తిని పంచుతూ కాగితం రాసినప్పుడు, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దాన్ని రిజిస్టరు చేయించాలి. సంతకాలైన నాలుగు నెలల్లోగా సమర్పించాలి. లేకపోతే పంపకానికి రుజువుగా కోర్టు దాన్ని తీసుకోదు. స్టాంపు సుంకం లెక్కలో అన్నిటికంటే పెద్ద భాగాన్ని పక్కన పెట్టి మిగిలిన వాటి మీదే కడతారు కనుక, ఖర్చుకు జంకి స్టాంపు కాగితంతో సరిపెట్టుకోనవసరం లేదు. తర్వాత ఇంటి పన్ను, కరెంటు మీటరు, పాసు పుస్తకం ఎవరి భాగానివి వారి పేర మార్చుకోవాలి. ఆ పేరు మార్పు హక్కును పుట్టించదు, హక్కునిచ్చేది దస్తావేజే. కానీ మార్చుకోకపోతే పన్నులూ నోటీసులూ పాత పేరునే వస్తుంటాయి.

సంస్థలకు స్థలం ఇవ్వాలనుకునే దాతలకూ ఇది పనికొస్తుంది. పంచుకోని ఉమ్మడి ఇంట్లో తన వంతును ఇస్తే, తీసుకున్న సంస్థకు దక్కేది ముందుగా తోబుట్టువులతో తగాదానే. వాటా విడదీసి, చేతికి తీసుకుని ఇవ్వడం మేలు.

సూరా అన్‌నిసా 8వ ఆయతు, పంపకం జరిగేచోట ఉన్న వాటాలేని బంధువులకూ అనాథలకూ పేదలకూ దానిలోంచి కొంత ఇవ్వమని చెబుతుంది. రిజిస్ట్రేషను రోజున ఆ ఐదుగురూ తండ్రిలేని ఒక పినతండ్రి మనవడి ఫీజుకు తలా కొంత వేశారు. చిన్న కూతురు తన వంతును తనకు వచ్చిన 7,000 లోంచి తీసి ఇచ్చింది. హిబా సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు, అన్నలూ అడగలేదు. ఆ తర్వాత వచ్చిన ఈద్‌కు ఆమె పుట్టింటికే వచ్చింది.

అల్లాహ్ మన లెక్కలను సరళం చేయుగాక. ఆమీన్.