ఉపవాసం నాటి తలనొప్పి, ఉపవాస విరమణ క్రమం

సోలాపూరు నేతవాడలలోని తెలుగు కుటుంబాలకు ఉపవాసం కొత్త కాదు. శ్రావణ శనివారాలు, ఏకాదశులు, నవరాత్రులకు తోడు మహారాష్ట్రమంతటా పాటించే సంకష్టి చతుర్థి కూడా ఇక్కడి ఇళ్లలో కనిపిస్తుంది. తలనొప్పి విషయంలో వీటిలో సంకష్టిది ప్రత్యేక స్థానం. చంద్రోదయం అయ్యాకనే ఆ ఉపవాసం ముగుస్తుంది. అది తరచు రాత్రి 9 గంటలు దాటాక గాని కాదు.

మరమగ్గాల షెడ్డులో పగటి పాళీ చేసే ఒక కార్మికుణ్ణి ఉదాహరణగా తీసుకోవచ్చు. ముందు రోజు రాత్రి 9 గంటలకు భోజనం చేశాడు. మామూలుగా రోజుకు నాలుగైదు కప్పుల చాయ్ తాగేవాడు, వ్రతం రోజున ఒక్కటీ తాగలేదు. మధ్యాహ్నం 3 గంటలకు నుదుటి మీద రెండు వైపులా పట్టి బిగించినట్లు నొప్పి మొదలయింది. అప్పటికి భోజనం చేసి 18 గంటలయింది. ఉపవాసపు తలనొప్పి లక్షణమే ఇది: కనీసం 8 గంటలు తినకపోతే రావచ్చు, 16 గంటలు దాటితే అవకాశం బాగా పెరుగుతుంది. నొప్పి మందంగా ఉంటుంది, సాధారణంగా నాడి కొట్టుకున్నట్లు పోటు పెట్టదు. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి మాత్రం ఆ నొప్పే తిరగబెట్టవచ్చు.

దీనికి రక్తంలో చక్కెర తగ్గడమే కారణమని చాలామంది భావిస్తారు. ఆరోగ్యవంతులలో ఇది తరచు నిజం కాదు. కాలేయం తనలోని నిల్వల నుండి చక్కెరను విడుదల చేస్తూనే ఉంటుంది. ఈ కార్మికుని విషయంలో మరి రెండు కారణాలు కలిశాయి. మొదటిది చాయ్ మానడం. అలవాటైన కెఫీన్ అందకపోతే, చివరి కప్పు తాగిన 12 నుండి 24 గంటలలో తలనొప్పి మొదలవుతుంది. రెండవది నీరు. షెడ్డు వేడిలో చెమట పట్టినంతగా అతడు నీరు తాగలేదు. మూత్రం ముదురు పసుపుగా, కొద్దిగా మాత్రమే వస్తే అదే గుర్తు.

చంద్రదర్శనం కాగానే అతడు వేడి చాయ్ రెండు కప్పులు తాగి, నూనెలో వేయించిన సాబుదాణా వడలు, శేంగా చట్నీ తిన్నాడు. గంటలోపే ఛాతీలో మంట, వాంతి. ఖాళీ కడుపుకు అది పెద్ద భారం. పైగా అంతకుముందే నొప్పి తట్టుకోలేక ఇబుప్రోఫెన్ మాత్ర వేసుకున్నాడు. తిండి, నీరు లేనప్పుడు ఆ రకం మాత్రలు జీర్ణాశయపు పొరను, మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

తరువాతి సంకష్టికి మార్పు వ్రతానికి నాలుగు రోజుల ముందే మొదలు కావాలి. రోజుకొక కప్పు చాయ్ తగ్గిస్తూ వస్తే ఆ రోజున లోటు తెలియదు. ముందు రాత్రి జొన్నరొట్టె, పప్పు, కూర నిండుగా తిని, ఉప్పు కారం తగ్గించి, నీరు తాగాలి. వ్రతం నీటిని నిషేధించనప్పుడు షెడ్డులో గంటకొకసారి అర గ్లాసు తాగాలి. నిర్జలమే పాటించేవారు ఆ రోజు ఎండలో, మగ్గం వేడిలో పని తగ్గించుకోవడమే మార్గం.

విరమణ వేళ మొదట ఒక గ్లాసు నీటిని నిదానంగా గుక్కలుగా తాగాలి. పిదప అరటిపండు గాని, రెండు మూడు ఖర్జూరాలు గాని. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగితే కడుపు సిద్ధమవుతుంది. అప్పుడు పలుచని మజ్జిగతో జొన్న అంబలి, పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం వంటి మెత్తని ఆహారం సగం కడుపుకు తినాలి. నైవేద్యపు మోదకం ఒకటి చివరలో తినవచ్చు. చాయ్ భోజనం తరువాతే. నొప్పి అప్పటికీ తగ్గకపోతే, కాలేయ వ్యాధి లేని పెద్దవారు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి వేసుకోవచ్చు. సాధారణంగా తిన్న తరువాత నొప్పి క్రమంగా సడలుతుంది. మూడు రోజులు మించితే కారణం వేరు.

వ్రతం లేని ఉపవాసం కూడా ఒకటుంది. రోజు లెక్క బీడీలు పూర్తి కావాలని ఉదయపు తిండి మాని మధ్యాహ్నం వరకు కూర్చునే స్త్రీల తలనొప్పి తరచు ఇటువంటిదే. దానికి పరిష్కారం మాత్ర కాదు, తొమ్మిది గంటలకు ఒక రొట్టె.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి పై మాటలు చాలవు. వారిలో చక్కెర నిజంగానే పడిపోతుంది. వణుకు, చల్లని చెమట, మాట తడబాటు కనిపించినా, పరీక్షలో 70 కంటె తగ్గినా, చంద్రోదయం కోసం వేచి ఉండరాదు. మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయరాదు. వ్రతానికి ముందే మందు మోతాదును వైద్యునితో మార్పించుకోవాలి. గర్భిణులు కూడా వైద్యుని అడగనిదే ఉపవాసం ఉండరాదు.

క్షణాలలో విపరీతంగా వచ్చిన తలనొప్పి, ఒక చేయి లేక కాలు పట్టు తప్పడం, మూతి వంకర పోవడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం ఉపవాసం వలన కలిగేవి కావు. అటువంటప్పుడు ఆహారం పెట్టి చూద్దామని ఆగక 108కు ఫోను చేయాలి.