వాగులో తోళ్ల నీరు: నారుమడికి ముందే ఉత్తరం

వానాకాలం నారుమళ్లు సిద్ధం చేసుకునే రోజులివి. తోళ్ల ఫ్యాక్టరీకి దిగువనున్న ఊళ్లలో మాత్రం విత్తనం నానబెట్టే ముందు వాగు నీటి సంగతి తేల్చుకోవాలి. ఎండాకాలంలో వాగు సన్నబడి ఫ్యాక్టరీ నీళ్లే చిక్కగా పారతాయి. నాలుగు పెద్ద వానలు పడితే అవన్నీ పలచబడి కొట్టుకుపోతాయి, వాటితో పాటు సాక్ష్యమూ పోతుంది. కాలుష్య నియంత్రణ మండలికి రైతు సంఘం ఉత్తరం రాయాలంటే ఇదే అదను.

ఆ ఉత్తరంలో ఏముండాలో పాలార్ కథ చెబుతుంది. మన కుప్పం మీదుగా తమిళనాడులోకి వెళ్లే ఈ ఏటి ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు తోళ్ల ఫ్యాక్టరీలున్నాయి. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, తమిళనాడు టానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్లు కొంతో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయాయని ఉంది. అదే తీర్పులో మరో లెక్క కూడా ఉంది. దిండిగల్ వైపు 13 ఊళ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ తిరిగి చూస్తే 467 బావుల్లో 350 చెడిపోయాయి. ‘మా బావులన్నీ పాడయ్యాయి’ అని రాసి ఉంటే అది తీర్పుదాకా వచ్చేదా? ఊరూరా తిరిగి లెక్కపెట్టారు కాబట్టే కోర్టు దాన్ని రాసుకుంది.

టానరీ నీటిలో రైతును ముంచేది ముఖ్యంగా ఉప్పు. పచ్చితోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు, నానబెట్టినప్పుడు అదంతా నీళ్లలోకి దిగుతుంది. వెంట్రుకలు ఊడేందుకు వేసే సున్నం, సల్ఫైడు, తోలును పదును చేసే క్రోమియం తర్వాత వచ్చి కలుస్తాయి. మామూలు శుద్ధిలో మురుగు వాసన తగ్గుతుంది గానీ కరిగిన ఉప్పు పోదు. అందుకే తేటగా కనబడే నీళ్లను నమ్మకూడదు. మడి గట్టున తెల్లటి పొర పేరుకోవడం, నారు ఆకుల కొసలు ఎండడం దాని గుర్తులు.

నమూనాలు మూడు చోట్ల తీయాలి: ఫ్యాక్టరీకి ఎగువన, కాలువ కలిసే చోట, దిగువన మొదటి మోటారు దగ్గర. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, తేదీ, సమయం రాసి, ఐసు మధ్య పెట్టి ఆ రోజే ల్యాబుకు చేర్చాలి. నీటిలో ఉప్పును ‘ఈసీ’ అంకెతో చెబుతారు. ఉదాహరణకు ఎగువన 0.8, దిగువన 4 వచ్చిందనుకుందాం. 4ను 640తో హెచ్చవేస్తే లీటరుకు సుమారు 2,560 మిల్లీగ్రాముల లవణాలు. వాగుల్లోకి వదిలే నీటికి సాధారణ పరిమితి 2,100. నేలలో ఈసీ 3 దాటగానే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది.

ఉత్తరం రెండు పేజీలు చాలు. మొదట వాగు పేరు, కలిసే చోటు, నీళ్లు వదిలే వేళలు. తర్వాత సర్వే నంబర్లవారీగా ఎన్ని ఎకరాలు, ఎన్ని బోర్లు. ల్యాబు రిపోర్టు, ఫొటోలు, గ్రామ పంచాయతీ తీర్మానం జత చేయాలి. నష్టం మొదలైన తేదీని ఉన్నదున్నట్టు రాయాలి. హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే, వివాదం మీదైతే ఆరు నెలలు, పరిహారం మీదైతే ఐదేళ్లు అనే గడువు అక్కడి నుంచే లెక్కిస్తారు.

అసలు కోరిక ఒక్క వాక్యంలో ఉండాలి: ‘1974 జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం వచ్చి నమూనా తీయండి.’ రైతు పట్టుకెళ్లిన సీసా అనుమానానికి ఆధారమే. అధికారి ఫ్యాక్టరీ వారికి నోటీసిచ్చి తీసి సీలు వేసిన నమూనాయే ఆ చట్టం కింద కోర్టులో సాక్ష్యం. చాలా ఉత్తరాలు ఇక్కడే తప్పిపోతాయి. ‘చర్య తీసుకోండి’ అంటూ ముగుస్తాయి, ఏ చర్యో చెప్పవు.

సికింద్రాబాద్ చుట్టుపక్కల రైతులు ప్రాంతీయ కార్యాలయానికి ఒక ప్రతి, సనత్‌నగర్‌లోని మండలి ప్రధాన కార్యాలయానికి మరొకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకూ ఇవ్వాలి.

జవాబు వచ్చేదాకా ఆ నీళ్లు నారుమడికి పెట్టవద్దు. బోరు నీళ్లు కూడా పరీక్ష చేయించాకే వాడాలి. జిప్సం చల్లితే నేల బాగవుతుందని కొందరు తొందరపడతారు. మంచి నీళ్లతో కడిగి బయటికి పంపే మురుగు కాలువ లేకపోతే ఆ ఖర్చు దండగే. 2025 జనవరి 30న కూడా సుప్రీంకోర్టు పాలార్ రైతుల పరిహారం బకాయిలు తీర్చమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది, తొలి తీర్పు వచ్చిన 28 ఏళ్ల తర్వాత. కాబట్టి మొదటి సీసా ఈ వారమే నింపండి.