ఉయ్యాల ఊగితే ఫోన్ మోగకూడదు

2017లో చట్టం సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలైంది. ఆ లెక్కన తల్లి మళ్లీ ఆఫీసు మెట్లెక్కేసరికి బిడ్డకు ఐదారు నెలలు. కొండాపూర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ అనుకోండి. భార్యాభర్తలిద్దరి ఆఫీసులూ మైండ్‌స్పేస్ వైపే. పగలు ఇంట్లో అమ్మమ్మ, ఆవిడకు తోడు ఆయమ్మ. బిడ్డ గదిలో వైఫై కెమెరా పెడదామనుకున్నారు. సెలవు అయిపోవడానికి వారం ముందే పెట్టేసుకుంటే సర్దుబాట్లకు వ్యవధి ఉంటుంది.

గోడ సంగతి తర్వాత, ముందు అకౌంటు. రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీ కెమెరాల దృశ్యాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చిన సంగతి 2025లో బయటపడింది. అక్కడ admin123 అనే పాస్‌వర్డే ఉండిపోయిందని పత్రికలు రాశాయి. ఇంటి కెమెరాకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. షాపింగ్ సైటుకు వాడిన పాస్‌వర్డే దీనికీ పెడితే, ఆ సైటు నుంచి లీకైన జాబితాతో ఎవరైనా నేరుగా లోపలికి వచ్చేస్తారు. అందుకే ఇంకెక్కడా వాడని పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేయాలి. ఆ సౌకర్యం లేని కెమెరాను బిడ్డ గదికి కొనకపోవడమే నా సలహా. భర్తకూ అమ్మమ్మకూ అదే పాస్‌వర్డ్ చెప్పొద్దు. యాప్‌లో ‘షేర్’ నుంచి వాళ్ల వాళ్ల అకౌంట్లకు పంపితే, ఎప్పుడైనా ఒక్కరినే తీసేయొచ్చు. పాత కెమెరా ఎవరైనా ఇస్తే, ముందు వాళ్ల యాప్‌లోంచి దాన్ని తొలగించమనాలి. ఇక రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి కెమెరాను అందులో ఉంచితే, ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌కు అది దూరంగా ఉంటుంది. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి కాబట్టి గెస్ట్ నెట్‌వర్క్‌ను ఆ బ్యాండ్‌లోనే పెట్టండి.

ఇప్పుడు గోడ. ఉయ్యాలకు సరిగ్గా పైన వద్దు. అతుకు ఊడితే బిడ్డ మీదే పడుతుంది. కాళ్ల వైపు గోడకు, ఆరేడు అడుగుల ఎత్తున, కాస్త కిందికి వంచి బిగించాలి. కెమెరా, దాని వైరు బిడ్డకు కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. ఇవాళ అందని వైరు, బిడ్డ పట్టుకుని నిలబడే నెలకు అందుతుంది, మెడకు చుట్టుకుంటుంది. తల్లి పాలిచ్చే మంచం చూపులో పడకుండా తిప్పండి. ఇక్కడ కెమెరా ఉందని, మైకు కూడా వింటుందని ఆయమ్మకు ముందే చెప్పాలి. దొంగచాటుగా చూసే ఇంట్లో మంచి ఆయమ్మ ఎక్కువ రోజులు ఉండదు.

రాత్రి బొమ్మ తెల్లగా వెలిగిపోయి బిడ్డ కనిపించకపోతే కెమెరా పాడైందనుకోవద్దు. చాలావరకు అది దోమతెర పని. కెమెరా వదిలే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దగ్గరున్న తెరకు తగిలి వెనక్కి కొడుతుంది. ఆ వెలుగు ఆపేసి, మూలన జీరో బల్బు వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

అసలు చిక్కు అలర్టులతోనే. కదలిక అలర్టు ఆన్‌లో ఉంటే ఉయ్యాల ఊగిన ప్రతిసారీ, ఫ్యాను గాలికి కర్టెన్ కదిలినప్పుడల్లా ఫోన్ మోగుతుంది. మూడో రోజుకు విసుగొచ్చి అన్నీ మ్యూట్ చేస్తారు, నిజమైన ఏడుపు కూడా అందులో కలిసిపోతుంది. ఉయ్యాల ఉన్న గదికి కదలిక అలర్టు పనికిరాదు. ఏడుపు గుర్తించే అలర్టు ఒకటి, కెమెరా ఆఫ్‌లైన్ అయితే చెప్పేది ఒకటి, ఈ రెండూ చాలు. కుక్కర్ విజిల్‌కూ, టీవీ సీరియల్ ఏడుపుకూ మొదటిది మోగితే సున్నితత్వం ఒక మెట్టు తగ్గించండి. కరెంటు పోయినప్పుడు చూపు ఆగకూడదంటే కెమెరాతో పాటు రౌటర్ కూడా ఇన్వర్టర్ లైను మీద ఉండాలి.

అయితే ఆ మోత ఎవరికి చేరాలి? కొన్ని క్లయింట్ ప్రాజెక్టుల్లో ఫోన్ లాకర్‌లో పెట్టాకే లోపలికి వెళ్లనిస్తారు. అలాంటప్పుడు తల్లి ఫోన్‌కు వచ్చే అలర్టు లాకర్‌కే వినిపిస్తుంది. మొదటి అలర్టు, ఇంట్లో ఉండి పది అడుగుల్లో ఉయ్యాల చేరగల అమ్మమ్మ ఫోన్‌కు వెళ్లాలి. తల్లీతండ్రీ ఫోన్లలో యాప్ చూసుకోవడానికి మాత్రమే.

ఇదంతా సరిగా ఉందో లేదో ఆదివారం పరీక్షించండి. ఉయ్యాల దగ్గర ఏడుపు రికార్డింగు పెట్టి, ఒకరు అమ్మమ్మ ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి, స్క్రీన్ ఆర్పి కింద పార్కింగ్‌లో అరగంట ఉండాలి. అలర్టు రాకపోతే బ్యాటరీ పొదుపు ఆ యాప్‌ను నిద్రపుచ్చుతోందేమో చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ బ్యాటరీ సెట్టింగును Unrestricted చేసి మళ్లీ ప్రయత్నించాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఈ కెమెరా బిడ్డ ఊపిరిని కనిపెట్టలేదు. నిద్రలో ఉన్న బిడ్డను అమ్మమ్మ మధ్యమధ్య వెళ్లి చూడాల్సిందే.