శుక్రవారం పాలలో ముంచిన ఓపల్

ప్రొద్దుటూరులో నలభై ఏళ్లు ఉంగరాలకు రాళ్లు కట్టాను. నేను పని నేర్చుకునే రోజుల్లో మా వీధికి ఓపల్ ఎప్పుడో గాని వచ్చేది కాదు. ఇప్పుడు శుక్రుడికి వజ్రం బదులు ఓపల్ పెట్టుకోమని జ్యోతిష్కులు చెబుతున్నారు, ధర కూడా అందుబాటులోకి వచ్చింది, కాబట్టి ప్రతి వీధిలోనూ ఒకరిద్దరి వేళ్లకు కనిపిస్తోంది. పాడైపోయిన ఓపళ్లు కూడా అంతే ఎక్కువగా నా దగ్గరికి వచ్చాయి. వాటి వల్ల తెలుసుకున్నవే ఇవి.

1. ముందు ఏ దేశపు రాయో అడగండి.

పాత ఓపళ్లు ఎక్కువగా ఆస్ట్రేలియావి. 2008లో ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో కొత్త గనులు బయటపడ్డాయి. ఆ రాయి జైపూర్‌లో సానపట్టుకుని మన అంగళ్లకు చేరుతోంది. చూపుకు రెండూ ఒకేలా మెరుస్తాయి, గుణం మాత్రం వేరు. ఆస్ట్రేలియా రాయి బయటి నీటిని దాదాపు తీసుకోదు. ఇథియోపియా రాళ్లలో చాలావరకు కొత్త కుండలాగా నీళ్లు పీల్చుకుంటాయి. వ్యాపారంలో ఈ రకాన్ని హైడ్రోఫేన్ అంటారు. పొడిగా ఉన్న విడి రాయిని నాలుక కొసకు తాకిస్తే అతుక్కున్నట్టు పట్టుకుంటుంది. సుద్దముక్క పట్టుకున్నట్టే. నేను మొదట చేసే పరీక్ష అదే.

ఓపల్‌లో రంగులు ఆడటానికి కారణం ఏ రంగు పదార్థమో కాదు. కంటికి ఆనని ఇసుక జాతి గుండ్లు వరుసలు వరుసలుగా పేర్చుకుని ఉంటాయి, వాటి మీద వెలుగు పడి విడిపోతుంది. ఆ గుండ్ల సందుల్లో నీరు ఉంటుంది. మామూలు ఓపల్ బరువులో నూటికి మూడు నుంచి పది పాళ్లు నీరే. నీరున్న రాయి అని మనసులో పెట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

2. పాలాభిషేకం రాయికి చేయకండి.

ఒకావిడ కొత్త ఉంగరాన్ని గురువారం రాత్రి పచ్చిపాలు, తేనె, చిటికెడు పసుపు కలిపిన గిన్నెలో వేసి, శుక్రవారం తెల్లవారుజామున తీసింది. రాయిలో రంగులు లేవు, గాజుముక్కలా అవతలి వైపు కనిపిస్తోంది. భయపడి, తడి ఆరితే బాగవుతుందని పొయ్యి పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి నా దగ్గరికి తెచ్చేసరికి రాయి నిండా సాలెగూడులాంటి సన్నని గీతలు.

అక్కడ జరిగినవి రెండు. గుండ్ల సందుల్లో గాలి ఉన్న చోట తడి నిండితే వెలుగు విడిపోవడం తగ్గుతుంది, అందుకే రంగు మాయమై రాయి పారదర్శకమైంది. ఇది నష్టం కాదు, తడి ఆరితే రంగు తిరిగొస్తుంది. అసలు నష్టం పొయ్యి దగ్గర జరిగింది. పైపొర వేగంగా ఆరి బిగుసుకుంది, లోపలి భాగం ఇంకా తడిగా ఉంది. ఎండిన చెరువు మట్టి నెర్రెలిచ్చినట్టు రాయి నెర్రెలిచ్చింది. దానికి మందు లేదు. పైగా నీరైతే ఆవిరై పోతుంది గాని పాలలోని కొవ్వు, పసుపు రంగు అంత తేలిగ్గా బయటికి రావు, రాయి పసుపుపచ్చగా మిగిలిపోతుంది.

ఆ తర్వాత ఇంకొకరు ఇలాంటిదే తెచ్చారు. ఆయన ఉంగరం మంచినీళ్లలో మాత్రమే పడింది, వేడికి పెట్టలేదు. రాయి ఊడదీసి తూచాను, 5.62 క్యారెట్లు. కొన్న చీటీలో 5.20 అని ఉంది. దూదిలో వదులుగా చుట్టి, ఫ్యాన్ గాలి, ఎండ తగలని అరలో పెట్టాను. మూడో రోజుకు 5.41, అంచుల్లో ఆకుపచ్చ తళుకు కనబడింది. తొమ్మిదో రోజుకు 5.21, రంగులన్నీ వచ్చేశాయి. ఆయన ముఖం చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది. మీ రాయి తడిసి రంగు పోతే చేయాల్సింది ఇంతే: వేడి తగలనీయకండి, హెయిర్ డ్రయర్ జోలికి వెళ్లకండి, వారం పది రోజులు ఓపిక పట్టండి.

పూజ మానమని నేను చెప్పను. పాలగిన్నె పక్కన పెట్టి, ఉంగరాన్ని పొడి పువ్వు మీద ఉంచి దేవుడి ముందు పెట్టుకోవచ్చు.

3. వేలికి తగిలేలా అడుగు తెరిచిన ఉంగరమైతే రెండింతలు జాగ్రత్త.

జాతకపు ఉంగరాలన్నీ మనం అలాగే కడతాం. గిన్నెలు కడిగిన నీళ్లు, చెమట, సబ్బు నురగ కింది నుంచి చేరతాయి. స్నానానికి, వంటకు, బట్టలు ఉతకడానికి ముందు తీసేయండి. సెంటు, తలనూనె, పౌడరు రాసుకోవడం పూర్తయ్యాకే పెట్టుకోండి. బంగారాన్ని కుంకుడు రసంలో నానబెట్టే అలవాటు మంచిదే, ఓపల్ ఉన్న ఉంగరాన్ని మాత్రం అందులో వేయకండి, ఆ గోధుమ రంగు కూడా రాయిలోకి పోతుంది.

4. మసకబారిందంటే పగిలిందని కాదు.

గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా ఉండే కొలతలో ఓపల్ ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య ఉంటుంది. మన ఇళ్లలో లేచే దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి, వాటి గట్టిదనం ఏడు. చీర కొంగుతో రాయిని పొడిగా రుద్దినప్పుడల్లా ఆ రేణువులే గీస్తాయి. ముందు దుమ్ము ఊదేసి, కాస్త తడి చేసి పిండిన మెత్తటి నూలుగుడ్డతో ఒత్తి తుడవాలి. గీతలతో మసకబారిన రాయిని మళ్లీ సానపట్టించవచ్చు. లోపల నెర్రె ఉంటే సాన కూడా పనికిరాదు. తేడా తెలియాలంటే చీకట్లో టార్చి వెలుగు పక్క నుంచి వేసి భూతద్దంతో చూడండి. గీతలు పైనే ఆగుతాయి, నెర్రె లోపలికి దిగి పొరలా మెరుస్తుంది.

అతుకు రాళ్ల మసక వేరు. పలచటి ఓపల్ పొరను నల్లరాయి మీద జిగురుతో అంటించి అమ్ముతారు. పక్క నుంచి చూస్తే గీత గీసినట్టు అతుకు కనబడుతుంది. అలాంటిది నీళ్లలో నానితే జిగురు తెల్లబడి అంచుల నుంచి మబ్బు కమ్ముతుంది.

5. ముత్యం, పగడం ఇంకా మెత్తన.

వీటి గట్టిదనం నాలుగుకు అటూ ఇటూ. రెండూ సున్నపు జాతివి. నిమ్మరసం, చింతపండు తగిలితే పైమెరుపు తినేస్తుంది. పూజ సామాను తోమేటప్పుడు పగడపు ఉంగరం తీసి పెట్టండి.

6. కొలత మార్చేటప్పుడు రాయి మీ చేతిలో ఉండాలి.

ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది. ఓపళ్లు కొత్తగా వస్తున్న రోజుల్లో ఒకావిడ ఉంగరం వెనక కోసి, ముక్క వేసి టంకం పెట్టాల్సి వచ్చింది. కెంపులకు చేసినట్టే రాయికి తడి గుడ్డ చుట్టి మంట పట్టాను. చిటుక్కున చప్పుడైంది. గుడ్డ తీస్తే రాయి రెండు చెక్కలైంది. కొత్త రాయి తెప్పించి ఇచ్చాను గాని, అది ఆ తల్లి కూతురి పెళ్లికని కొన్న రాయి కాదుగా.

అందుకే మీ కంసాలికి ముందే చెప్పండి: రాయి ఊడదీశాకే మంట వెలిగించాలి. ఊడదీసిన రాయిని దూదిలో పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్లండి. టంకం అయ్యి, ఉంగరం ఆమ్లంలో మెరుగు పెట్టి, కడిగి, పూర్తిగా ఆరాక రాయి తెచ్చి మీ ఎదుటే కట్టించుకోండి. చుట్టూ సన్నటి గోడ కట్టి అంచులు ముంచేలా కట్టమనండి. కొక్కేల మధ్య కడితే చీర దారాలకు తగులుకుంటుంది, గోడకు కొట్టుకున్నప్పుడు దెబ్బ నేరుగా రాతి అంచుకే తగులుతుంది.