పట్టిక పరిశీలన

పాత కాగితాల మీది పట్టికలను స్కాన్ చేసి, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ సాయంతో కంప్యూటర్ పట్టికలుగా మార్చడం నేడు సామాన్యమైన పని. అలా మార్చినప్పుడు తప్పులు దొర్లడం సహజం. వాటిని తక్కువ శ్రమతో పట్టుకొనే విధానాన్ని ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

ఒక వర్షపాత రిజిస్టరులో 40 పుటలు, పుటకు 30 వరుసల చొప్పున 1,200 వరుసలు ఉన్నాయనుకుందాం. ప్రతి వరుసలో తేదీ, నాలుగు కేంద్రాల వర్షపాతం కలిపి ఐదు గడులుంటాయి. గడికి 5 సెకన్ల వంతున 6,000 గడులనూ చదివితే ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. అంతసేపటికి కన్ను అలసి, ఎదుట ఉన్న తప్పును కూడా దాటిపోతుంది.

అందుచేత మొదట తెరపై ఎడమవైపు స్కాన్ చిత్రాన్ని, కుడివైపు మారిన పట్టికను ఉంచి పుటలను సరిపోల్చాలి. ఇక్కడ అంకెల కంటే అమరికను చూడడం ముఖ్యం. వాన పడని రోజున రిజిస్టరులో గడి ఖాళీగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని వదిలివేస్తే దాని కింది అంకెలన్నీ ఒక వరుస పైకి జరుగుతాయి. అప్పుడు ప్రతి అంకె సరైనదే, పుట అడుగున మొత్తమూ సరిపోతుంది. కాని వాన వేరొక తేదీకి చేరిపోతుంది. కనుక ప్రతి పుటలో మొదటి, మధ్య, చివరి వరుసలను చిత్రంతో పోల్చాలి.

రెండవ మెట్టులో సందేహాస్పదమైన గడులను చూడాలి. టెసరాక్ట్ వంటి సాఫ్ట్‌వేర్ తాను చదివిన ప్రతి పదానికీ 0 నుండి 100 వరకు నమ్మకపు విలువను ఇస్తుంది. 80 కంటే తక్కువ విలువ గల గడులకు పసుపు రంగు వేస్తే, 3ను 8గా, 1ని 7గా చదివిన చోట్లు చాలావరకు బయటపడతాయి. అయితే దశాంశ బిందువు మాసిపోయి 12.4 కాస్తా 124 అయినప్పుడు, సాఫ్ట్‌వేర్ దానిని పూర్తి నమ్మకంతోనే చదవవచ్చు. రంగు లేని గడులన్నీ సరైనవని భావించరాదు.

మిగిలిన తప్పులను అంచనా వేయడానికి మచ్చు వరుసలను తీయాలి. మొదటి 60 వరుసలను తీసుకొంటే రెండు పుటలే పరీక్షకు వస్తాయి. కాబట్టి ఎక్సెల్‌లో ఈ సూత్రంతో వరుస సంఖ్యలను ఎన్నుకోవాలి:

```
=RANDBETWEEN(1,1200)
```

ఇలా తీసిన 60 వరుసలలో ఒక్క తప్పూ లేకపోతే, 3ను 60తో భాగించాలి. తప్పు వరుసలు 5 శాతానికి మించవని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 1 శాతానికి మించవని చెప్పాలంటే 300 వరుసలు చూడాలి.

734వ వరుసలో 124 కనబడిందనుకుందాం. దానిని దిద్ది ఊరుకోరాదు. అదే జాతి తప్పు ఇతర చోట్ల కూడా ఉండవచ్చు గనుక, బిందువు లేని విలువలన్నింటినీ వడపోసి చిత్రంతో సరిచూడాలి. ఆ పిమ్మట కొత్త మచ్చు తీసి మళ్లీ పరీక్షించాలి.

ప్రశ్నలు
1. పుట మొత్తం సరిపోయినా పట్టికలో తప్పు ఎట్లా మిగులుతుంది?
2. మచ్చు వరుసలను ఒకేచోట నుండి ఎందుకు తీసుకోరాదు?