పాస్‌బుక్‌లో ఈ చిల్లర కోతలు ఎవరివి?

ప్రశ్న: నా వయసు 46. ఇంట్లోనే మిషన్ కుడతాను. చాలా రోజుల తర్వాత మొన్న పాస్‌బుక్ ప్రింట్ వేయిస్తే, నేను తియ్యని డబ్బు పోయినట్టు కనిపించింది. మార్చి 31న రూ.17.70, మే 12న రూ.236, మే 27న రూ.20, అదే రోజు రూ.436, జూన్ 30న మళ్లీ రూ.17.70. మొత్తం రూ.727.40. బ్యాంకులో అడిగితే ‘అవన్నీ చార్జీలమ్మా’ అన్నారు. దేనికి కట్ చేశారో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, మీకు చెప్పిన సమాధానం సగమే నిజం. ఈ అయిదింటిలో మూడే బ్యాంకు చార్జీలు. మిగతా రెండూ మీ పేరు మీద ఉన్న బీమాకు కట్టిన డబ్బు. వాటిని విడదీయడానికి ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు.

బ్యాంకు ఏ సేవకు డబ్బు తీసుకున్నా దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. చాలా బ్యాంకులు రెండూ కలిపి ఒకే అంకె వేస్తాయి. అందుకే పైసలతో వింతగా కనిపిస్తుంది. ఆ అంకెను 1.18తో భాగించండి. 17.70ని భాగిస్తే సరిగ్గా 15 వస్తుంది. 236ని భాగిస్తే 200. ఇలా గుండు అంకె వచ్చిందంటే అది చాలావరకు బ్యాంకు రుసుమే. ఇప్పుడు 436ని భాగించి చూడండి, 369.49 వస్తుంది. 20ని భాగిస్తే 16.95. ఏ బ్యాంకూ ఇలాంటి రేటు పెట్టదు కాబట్టి ఆ రెండూ వేరే జాతివి. కొన్ని బ్యాంకులు జీఎస్టీని వేరే లైనులో చూపిస్తాయి. అక్కడ 200 కింద 36 అని ఉంటుంది.

ఆ తర్వాత తేదీ చూడాలి. మార్చి 31, జూన్ 30 అంటే మూడు నెలలకోసారి వచ్చే క్వార్టర్ చివరి రోజులు. ఆ రోజుల్లో పడే పదిహేను రూపాయల లెక్క ఎస్సెమ్మెస్ చార్జీ. ఎన్ని మెసేజ్‌లు పంపారో అన్నింటికే లెక్కగట్టే బ్యాంకుల్లో ఈ అంకె ప్రతిసారీ మారుతుంది. రూ.236 ఏటీఎం కార్డు వార్షిక రుసుము. పక్కన `ATM AMC` లాంటి మాట, కార్డు చివరి అంకెలు ఉండొచ్చు. ఇది సాధారణంగా కార్డు ఇచ్చిన నెలలోనే ఏటా పడుతుంది. మీరు కార్డు మే నెలలో తీసుకున్నారేమో గుర్తు చేసుకోండి.

ఇక మే 27 సంగతి. రూ.20 ప్రధానమంత్రి సురక్ష బీమా, పాస్‌బుక్‌లో `PMSBY` అని పడుతుంది. రూ.436 జీవన్ జ్యోతి బీమా, `PMJJBY`. ఈ రెండింటి బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది కనుక మే చివర్లో ప్రీమియం కట్ చేస్తారు. ఖాతా తెరిచేటప్పుడో, పొదుపు సంఘం పని మీద వెళ్లినప్పుడో మీరు సంతకం పెట్టిన కాగితాల్లో ఆ ఫారం ఉండి ఉంటుంది. మొదటిది ప్రమాదంలో చనిపోయినా, పూర్తి అంగవైకల్యం కలిగినా రెండు లక్షలు ఇస్తుంది. రెండోది ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు ఇస్తుంది.

ఇవి ఆపించమని నేను చెప్పను. అయితే రెండు పనులు తప్పకుండా చేయండి. నామినీగా ఎవరి పేరుందో బ్యాంకులో చూపించమనండి, ఆ సంగతి ఇంట్లో చెప్పండి. ఇలాంటి బీమా ఉందని తెలియకే ఎన్నో కుటుంబాలు డబ్బు అడగడం లేదు. రెండోది, మీకు మరో బ్యాంకులో ఖాతా ఉంటే అక్కడా మే చివర ఇదే కోత పడిందేమో చూడండి. ఒక మనిషికి ఒక ఖాతా ద్వారానే ఈ బీమా వర్తిస్తుంది. రెండు చోట్ల ప్రీమియం కట్టినా వచ్చేది రెండు లక్షలే, రెండోసారి కట్టింది వృథా. ఆ రెండో ఖాతాలో ఆటో డెబిట్ ఆపమని వచ్చే మే రాకముందే రాసివ్వండి.

మీది జన్‌ధన్ ఖాతా గానీ, కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ పొదుపు ఖాతా గానీ అయితే ఆ రూ.236 అసలు పడకూడదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అలాంటి ఖాతాకు ఏటీఎం కార్డు ఉచితం, వార్షిక రుసుమూ లేదు. వెనక్కి వేయమని రాతపూర్వకంగా అడిగి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చేమీ ఉండదు.

ఎస్సెమ్మెస్‌లు మాత్రం ఆ పదిహేను రూపాయల కోసం మాన్పించకండి. ఖాతాలోంచి దొంగతనంగా డబ్బు పోతే మీకు ముందు తెలిసేది ఆ మెసేజ్‌తోనే.

ప్రశ్న: బైక్ ఈఎంఐ రూ.2,840. అయిదో తారీఖున ఖాతాలో రూ.2,100 ఉంది. ఈఎంఐ పోలేదు కానీ రూ.295 పోయింది. పదో తారీఖున ఇంకో రూ.295 పోయింది. పన్నెండున ఏజెంటుకు నగదు కట్టేశాను. ఒక్క నెలకు రెండుసార్లు ఎందుకు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 295ని 1.18తో భాగిస్తే 250. ఇది మీ బ్యాంకు వేసే రిటర్న్ చార్జీ. ఫైనాన్స్ కంపెనీ మీ ఆటో డెబిట్ మ్యాండేట్‌ను బ్యాంకుకు పంపింది, డబ్బు చాలక వెనక్కి పోయింది. పదో తారీఖున అదే వాయిదా కోసం మళ్లీ పంపారు. పంపిన ప్రతిసారీ బ్యాంకు చార్జీ వేస్తుంది. మొదటి కోతతో మీ నిల్వ రూ.1,805కు తగ్గింది, రెండోదానితో రూ.1,510కి. అంటే మొదటి కోత రెండోసారి డబ్బు చాలకపోవడాన్ని ఇంకాస్త ఖాయం చేసింది. నాకు ఇందులో అన్యాయంగా అనిపించేది ఇదే.

ఫైనాన్స్ కంపెనీ వేసే బౌన్స్ చార్జీ ఇంకోటి ఉంటుంది. అది మీ పాస్‌బుక్‌లో కనపడదు, లోన్ స్టేట్‌మెంట్ తీసుకుంటేనే తెలుస్తుంది.

ఇకపై డబ్బు ఆలస్యమవుతుందని తెలిస్తే రెండోసారి మ్యాండేట్ పంపొద్దని కంపెనీకి మెయిల్ పెట్టి, ఆ వాయిదాను వాళ్ల యాప్‌లో కట్టేయండి. మ్యాండేట్లు తరచూ పొద్దున్నే వస్తాయి, మధ్యాహ్నం జీతం పడినా లాభం ఉండదు. ఈఎంఐ తేదీని జీతం పడే తేదీ తర్వాతకు మార్చమని అడగడం అన్నిటికంటే మేలు.

ప్రశ్న: నెలనెలా రూ.149 పోతోంది. పక్కన ఏదో అర్థంకాని పేరు. 1.18తో భాగిస్తే గుండు అంకె రావడం లేదు. ఇది మోసమా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తం పోతోందంటే ఎక్కువగా అది ఏదో యాప్ చందా. ఉచిత ట్రయల్ కోసం ఒకసారి పిన్ కొట్టి ఉంటారు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరవండి. మీరు ఒప్పుకున్నవన్నీ అక్కడ పేర్లతో ఉంటాయి, అక్కడే రద్దు చేయొచ్చు. ఫోన్లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. యూపీఐలో లేకపోతే డెబిట్ కార్డు మీద పెట్టిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు బ్యాంకు యాప్‌లో చూడండి.

రెండుచోట్లా దొరకకపోతే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకండి. కార్డును యాప్‌లోనే బ్లాక్ చేసి, బ్యాంకుకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. మెసేజ్ వచ్చాక మూడు పని దినాల్లోపు చెప్పినవాళ్లకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు గట్టి రక్షణ ఇస్తాయి. పిన్ గానీ ఓటీపీ గానీ మీరే ఎవరికైనా చెప్పి ఉంటే ఆ రక్షణ అంతగా ఉండదు, అప్పుడు వెంటనే 1930కి కూడా ఫోన్ చేయండి.